రైలెక్కే ముందు ఫోన్‌లో ఏ ఆట వేసుకోవాలి? నెట్ లేనప్పుడు, స్టోరేజ్ నిండుకున్నప్పుడు పనికొచ్చే లెక్క

నెట్ లేకుండా ఆడే ఆటల కోసం ప్లే స్టోర్‌లో వెతికితే జాబితాకు కొదవేమీ ఉండదు. చిక్కంతా ఆ తర్వాతే. ఇంట్లో వైఫై మీద చక్కగా ఆడిన ఆట, రైలు ఊరు దాటాక తెరుచుకోదు. తెరుచుకున్నా పదో లెవెల్ దగ్గర ఇంటర్నెట్ కావాలంటూ ఆగిపోతుంది. 90 ఎంబీయే కదా అని వేసుకున్నది కాస్తా నాలుగు రోజులు ఆడేసరికి అర జీబీ మింగేసి ఉంటుంది. పైకి ఇవి వేరు వేరు సమస్యల్లా కనిపిస్తాయి కానీ, రెండింటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: ఆటకు కావలసిన సరుకు ఎక్కడుంది? మీ ఫోన్‌లోనే ఉందా, కంపెనీ సర్వర్‌లో ఉందా, సగం ఇక్కడా సగం అక్కడా ఉందా? ఇది కనిపెట్టడం తెలిస్తే ఎవరి ‘టాప్ టెన్’ జాబితా మీదా ఆధారపడక్కర్లేదు.

మాట్లాడుకోవడానికి ఒక ప్రయాణం అనుకుందాం. హైదరాబాద్ నుంచి న్యూఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, 25 గంటలకు పైనే. కాగజ్‌నగర్ దాటి బల్లార్షా వైపు వెళ్లేటప్పుడు అడవి, నాగ్‌పూర్ దాటాక బేతుల్, ఇటార్సీల మధ్య సాత్పురా కొండలు. అలాంటి చోట్ల రీఛార్జ్ ఉన్నా సిగ్నల్ నిలకడగా ఉంటుందని నమ్మలేం. మన ప్రయాణికులు ఒక తల్లి, పదేళ్ల కొడుకు. ఇద్దరికీ కలిపి ఒకటే ఫోన్. 32 జీబీ ఫోన్, అందులో ఖాళీ 1.2 జీబీ. డేటా లేదు.

‘ఆఫ్‌లైన్’ అంటే ఒక్కటే కాదు

కొన్ని ఆటలకు నెట్ లేకపోతే ఆటే లేదు. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్, క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఈ కోవలోవి. అవతల మనిషి ఆడాలి, లెక్కంతా సర్వర్ చూసుకోవాలి. వీటితో పెద్దగా ప్రమాదం లేదు, ఎందుకంటే ఇవి రైల్లో పనిచెయ్యవని అందరికీ తెలుసు.

మోసపోయేది రెండో రకం దగ్గర. ఆట ఫోన్‌లోనే నడుస్తుంది కానీ సరుకు విడతలవారీగా వస్తుంది. ప్లే స్టోర్ నుంచి దిగేది మొదటి విడత మాత్రమే. మొదటిసారి తెరవగానే ‘అదనపు ఫైళ్లు డౌన్‌లోడ్ అవుతున్నాయి’ అంటూ ఒక గీత నెమ్మదిగా నిండుతుంది చూశారా, అది రెండో విడత. కొన్ని లెవెల్స్ గెలిచాక కొత్త ఊరో కొత్త ట్రాకో తెరుచుకున్నప్పుడు మూడో విడత వస్తుంది. ఇంట్లో వైఫై ఉంటుంది కాబట్టి ఈ విడతలు మన కంటపడవు. సిగ్నల్ పోయాకే బయటపడతాయి.

ఇదే రకంలో ఇంకో మెలిక ఉంది. ఆట మొత్తం ఫోన్‌లోనే ఉన్నా, ఎంతసేపు ఆడనివ్వాలో కంపెనీ చేతిలో ఉంటుంది. క్యాండీ క్రష్ నెట్ లేకుండానే నడుస్తుంది. కానీ ప్రాణాలు ఐదే. ఐదూ పోతే ఒక్కొక్కటి తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ఇంట్లో అరగంట తెలియకుండానే గడిచిపోతుంది కానీ, 25 గంటల ప్రయాణంలో పదేళ్ల పిల్లవాడికి అది చాలా ఎక్కువ. ‘వీడియో చూస్తే ఒక ప్రాణం ఇస్తాం’ అనే పద్ధతి ఉన్న ఆటల్లో నెట్ లేకపోతే ఆ వీడియో రాదు, కాబట్టి ప్రాణమూ రాదు. ప్రకటనలు రావని సంతోషిస్తాం కానీ, వాటితో వచ్చే సాయం కూడా రాదు.

మూడో రకమే మనకు కావలసింది. ఒకసారి దిగితే అంతా ఫోన్‌లోనే, ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగదు. దీన్ని పట్టుకోవడానికి ప్లే స్టోర్‌లోనే ఒక ఆనవాలు ఉంది, చాలామంది దాని జోలికి వెళ్లరు. ఆట పేజీలో "About this game" తెరిచి కిందికి జరిగితే "App permissions" ఉంటుంది. దాన్ని తెరిస్తే ఆ ఆట ఫోన్‌లో ఏమేం వాడుకోగలదో కనిపిస్తుంది. అందులో "have full network access" అనే వాక్యం లేకపోతే ఆ ఆట నెట్‌ను ముట్టుకోవడం కుదరదు, ఆండ్రాయిడ్ ముట్టుకోనివ్వదు. అంటే అది నూటికి నూరుపాళ్లూ ఆఫ్‌లైన్ ఆటే. అయితే ఈ ఆనవాలు ఒకవైపే పనిచేస్తుంది. ఆ వాక్యం ఉన్నంత మాత్రాన ఆటకు నెట్ తప్పనిసరి అని కాదు. ప్రకటనల కోసమో, కొత్త వెర్షన్ వచ్చిందో లేదో చూసుకోవడానికో చాలా మంచి ఆటలు కూడా ఆ అనుమతి పెట్టుకుంటాయి. అలాంటివాటికి వేరే పరీక్ష ఉంది, అది తర్వాత చెబుతాను.

బరువంతా బొమ్మలదే

ఇప్పుడు స్టోరేజ్ సంగతి. అదే "About this game" పేజీ అడుగున "Download size" కనిపిస్తుంది. అది నెట్ మీద దిగే బరువు మాత్రమే. దిగింది మూట కట్టి ఉంటుంది, ఫోన్ దాన్ని విప్పి సర్దుకుంటుంది. ఆ తర్వాత విడతల సరుకు, ఆట తాలూకు సేవ్ ఫైళ్లు, ప్రకటనల కోసం దాచుకున్న వీడియోలు వచ్చి చేరతాయి. అందుకే నా లెక్క ఇలా ఉంటుంది: పేజీలో చూపించినదానికి కనీసం రెట్టింపు చోటు ఉందా అని చూసుకున్నాకే దించాలి. అసలు బరువు తెలియాలంటే కాసేపు ఆడాక ఫోన్ సెట్టింగ్స్‌లో ‘యాప్స్’లోకి వెళ్లి, ఆ ఆట పేరు నొక్కి, స్టోరేజ్ చూడాలి. అక్కడ యాప్, డేటా, తాత్కాలిక ఫైళ్లుండే క్యాష్ అని మూడు అంకెలు విడివిడిగా కనిపిస్తాయి. డేటా అంకె యాప్ అంకెను మించిపోయిందంటే, ఆ ఆట రెండో విడత దించుకున్నట్టే అనుకోవచ్చు.

ఇంతకీ ఒక ఆట 5 ఎంబీ, ఇంకొకటి 2 జీబీ ఎందుకుంటాయి? ఆటలో నియమాలు రాసిన ప్రోగ్రామ్ బరువు చాలా తక్కువ. బరువంతా బొమ్మలది, త్రీడీ రూపాలది, పాటలది, వీడియోలది. మనిషి కూర్చుని గీసిన ప్రతి లెవెల్‌నూ ఫోన్ మోయాలి. ఆ లెవెల్స్ అయిపోతే ఆట అయిపోయినట్టే. దీనికి పూర్తిగా భిన్నమైన ఆటలు ఉన్నాయి. వాటిలో లెవెల్ ఎక్కడా దాచిపెట్టి ఉండదు. మీరు ‘కొత్త ఆట’ నొక్కిన క్షణంలో ఫోనే నియమాల ప్రకారం దాన్ని తయారు చేస్తుంది. సుడోకు పజిల్ చేసే నియమం కొన్ని కేబీల్లో ఇమిడిపోతుంది, దాంతో పుట్టించగల పజిళ్లు మాత్రం ఒక జీవితంలో తరగవు. చోటు తక్కువ ఉన్నవాళ్లు వెతకాల్సింది ఇలాంటివాటినే. ఎంబీకి ఎన్ని గంటల ఆట వస్తుందన్నదే అసలు కొలత. ప్లే స్టోర్ రేటింగ్ ఆ సంగతి చెప్పదు.

ఈ కొలతలో నేను అందరికంటే ముందు పెట్టేది సైమన్ టాథమ్ పజిళ్లను. ప్లే స్టోర్‌లో "Simon Tatham's Puzzles" అని వెతకండి. ఒకే యాప్‌లో నలభై దాకా పజిళ్లు ఉంటాయి, బరువు కొన్ని ఎంబీలే. ఉచితం, ప్రకటనలు లేవు, ప్రాణాలు అయిపోవడం లేదు. ఇందులో సుడోకు పేరు "Solo". గొట్టాల ముక్కలను తిప్పి మొత్తం వలను కలిపేది "Net". పదేళ్ల పిల్లలకు అదీ, చిక్కుపడ్డ గీతలను విడదీసే "Untangle" త్వరగా పట్టుబడతాయి. ఎందుకంటే చదవాల్సింది ఏమీ లేదు, వేలితో కదిపి చూడటమే. పాత కంప్యూటర్లలో ఉన్న మైన్‌స్వీపర్ ఇక్కడ "Mines". పాతదాంట్లో ఎంత ఆలోచించినా కొన్నిసార్లు చివర్లో గుడ్డిగా ఊహించాల్సి వచ్చేది. ఇందులో ఊహ లేకుండా ఆలోచనతోనే ముగించగల ఆటనే ఫోన్ తయారు చేసి ఇస్తుంది. ఈ ఒక్క జాగ్రత్త చూస్తేనే దీన్ని చేసినవాళ్లు ఆడేవాడి సమయానికి ఎంత విలువ ఇచ్చారో తెలుస్తుంది. చాలా పజిళ్లకు గళ్ల సైజు, కష్టం మనమే ఎంచుకోవచ్చు. కదిలే బోగీలో చిన్న గళ్ల మీద వేలు పక్క గడిలో పడుతుంటుంది కాబట్టి మొదట తక్కువ గళ్లతో మొదలుపెట్టండి.

పజిళ్లు అందరికీ నచ్చవు. కథ, ప్రమాదం, దొరికిన కత్తితో ముందుకు వెళ్లడం కావాలనుకునేవాళ్లకు షాటర్డ్ పిక్సెల్ డంజన్ ఉంది. నేలమాళిగలో ఒక్కో అంతస్తూ కిందికి దిగుతూ పోవాలి. ప్రతిసారీ అంతస్తుల నమూనా కొత్తగా పుడుతుంది, చనిపోతే మళ్లీ మొదటి నుంచే. బొమ్మలు పాతకాలపు వీడియో గేమ్‌లో ఉన్నట్టు చుక్కల బొమ్మలు, అందుకే త్రీడీ ఆటల పక్కన పెడితే బరువు చాలా తక్కువ. ఇదీ ఉచితమే, ప్రకటనలు లేవు. మీరు కదిపితేనే శత్రువు కదులుతాడు. టీసీ వచ్చి టికెట్ అడిగినా, టీ చేతికొచ్చినా ఫోన్ పక్కన పెట్టేయొచ్చు, ఆట ఎక్కడికీ పోదు. ఇంగ్లిష్ చదవాల్సి వస్తుంది, పైగా కష్టంగానే ఉంటుంది. అందుకని పిల్లవాడికంటే తల్లికే దీన్ని ఎక్కువ సిఫారసు చేస్తాను.

ఇద్దరూ కలిసి ఆడటానికి లూడో కింగ్. ఇందులో ఆన్‌లైన్ ఆట ఒక భాగమే. కంప్యూటర్‌తో ఆడేదీ, ఒకే ఫోన్‌ను చేతులు మార్చుకుంటూ ఆడే "Pass N Play" నెట్ లేకుండా నడుస్తాయి. ఎదురు బెర్తులో పిల్లలుంటే నలుగురూ ఒక ఫోన్ చుట్టూ చేరొచ్చు. పరుగు ఆటల్లో సబ్‌వే సర్ఫర్స్ కూడా నెట్ లేకుండా ఆడొచ్చు, కానీ దాని బరువు 1.2 జీబీయే ఖాళీ ఉన్న మన ఫోన్‌కు ఇబ్బందే. పైగా బోగీ ఊగుతుండగా సరైన క్షణంలో వేలు జరపడం కష్టం, సెకనుకు పదుల సార్లు తెరను గీయాలి కాబట్టి ఫోనూ వేడెక్కుతుంది, బ్యాటరీ కూడా త్వరగా దిగుతుంది.

మన ఫోన్‌లో లెక్క

1.2 జీబీ ఖాళీ ఉంది కదా అని అంతా ఆటలకే ఇవ్వకూడదు. ఆండ్రాయిడ్‌కు ఊపిరాడటానికి చోటు కావాలి, దారిలో ఫోటోలూ తీస్తారు. ముందుగా వాట్సాప్ సెట్టింగ్స్‌లో "Storage and data", అందులో "Manage storage" తెరవండి. 5 ఎంబీ దాటిన ఫైళ్లు, పదే పదే ఫార్వర్డ్ అయినవి అక్కడ విడిగా కనిపిస్తాయి. చాలా ఇళ్లల్లో ఫోన్ నిండిపోయేది గుడ్ మార్నింగ్ వీడియోలతోనే. మన ఉదాహరణలో ఇక్కడ 800 ఎంబీ దొరికిందనుకుందాం. మొత్తం ఖాళీ 2 జీబీ అయింది. అందులో 1 జీబీ ముట్టుకోం. మరో 400 ఎంబీ ఫోటోలకు. మిగిలిన 600 ఎంబీలో పజిళ్లు, షాటర్డ్ పిక్సెల్ డంజన్ పెట్టి, లూడో కింగ్ "Download size"ను రెట్టింపు చేసుకుని చూసి, అది కూడా సరిపోతే పెట్టాలి. పిల్లవాడు పట్టుబడితే ఒక బొమ్మల ఆటకు మిగిలిన చోటు ఇవ్వొచ్చు, కానీ ఒక్కదానికే.

చోటు కోసం ‘క్యాష్’ ఖాళీ చేయవచ్చు, ‘డేటా’ మాత్రం క్లియర్ చేయవద్దు. డేటా క్లియర్ చేస్తే ఆట సేవ్ చేసుకున్నదీ, విడతలుగా దించుకున్నదీ రెండూ పోతాయి. క్యాష్ విషయంలోనూ ఒక చిన్న సంగతి ఉంది. ఫోన్‌లో చోటు బాగా తగ్గినప్పుడు ఆండ్రాయిడ్ తనంతట తానే యాప్‌ల క్యాష్ చెరిపేస్తుంది. దించుకున్న లెవెల్స్‌ను క్యాష్‌లో దాచుకునే ఆట ఏదైనా ఉంటే, దారిలో కిటికీలోంచి పొడుగాటి వీడియో తీసి ఫోన్ నింపిన రోజున అది పనిచేయడం మానేస్తుంది. ముట్టుకోకుండా వదిలిన ఆ 1 జీబీ అందుకు కూడా పనికొస్తుంది.

ప్రయాణానికి ముందురోజు పరీక్ష

ఆటలను కనీసం రెండు రోజుల ముందు దించుకోండి. వైఫై మీద ఒక్కోదాన్ని తెరిచి, మొదటి పాఠాలు ముగించి, అడిగిన అదనపు ఫైళ్లన్నీ దించుకోనివ్వండి. ఆ రోజుకు వదిలేయండి. మర్నాడు ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసి, ఫోన్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఇప్పుడు ఒక్కో ఆటా తెరవండి.

ఫోన్ ఆపి ఎందుకు తెరవాలంటే, అప్పటిదాకా వెనకాల నడుస్తున్న ఆట లాగిన్ వివరాలను జ్ఞాపకంలో పెట్టుకుని మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పూర్తిగా మూసి తెరిచినప్పుడే అది సర్వర్‌ను అడుగుతుందో లేదో తేలుతుంది. ఒక రోజు ఆగడం ఎందుకంటే, కొన్ని ఆటలు ఒకసారి లాగిన్ అయితే కొన్ని గంటలపాటు ఏమీ అడగవు, గడువు తీరాక అడుగుతాయి. తెరుచుకున్నాక కూడా అక్కడితో సరిపెట్టుకోకండి. ఇంతకుముందు ఆడని లెవెల్ ఒకటి పూర్తి చేసి తర్వాతిదానికి వెళ్లండి. ఒకసారి కావాలని ఓడిపోండి, ప్రాణాల గొడవ ఉంటే అక్కడే బయటపడుతుంది. బయటకొచ్చి మళ్లీ తెరిచి, వదిలిన చోటనే మొదలవుతోందా చూడండి. ఈ నాలుగూ దాటిన ఆట నమ్మదగినది. ఏ ఒక్కచోట తెల్లటి తెర మీద సున్నా తిరుగుతూ ఉండిపోయినా, మొహమాటం లేకుండా తీసేసి ఆ చోటు ఇంకోదానికి ఇవ్వండి.

పరీక్ష అయ్యాక ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో "Auto-update apps" ఆపేయడం మర్చిపోవద్దు. రాత్రికి రాత్రి వైఫై మీద కొత్త వెర్షన్ దిగితే, పొద్దున రైల్లో తెరిచినప్పుడు ఆ వెర్షన్‌కు కావలసిన కొత్త ఫైళ్లు అడగవచ్చు. మీరు పరీక్షించింది పాత వెర్షన్‌ను కదా. ప్రయాణం అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోండి.

రైల్లో కూడా ఫ్లైట్ మోడ్‌తోనే ఆడటం మంచిది. అసలు సిగ్నల్ లేకపోవడం కంటే, వచ్చీ పోయే సిగ్నల్ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. నెట్ లేదని తెలిస్తే ఆట వెంటనే ముందుకు పోతుంది. ఒక గీత సిగ్నల్ కనిపిస్తే మాత్రం సర్వర్ కోసం ప్రయత్నిస్తూ నిమిషం సేపు బిగుసుకుపోతుంది. టవర్ల కోసం వెతుకుతూ ఫోన్ బ్యాటరీ కూడా ఖర్చవుతుంది. ఫోన్ రావాల్సి ఉంటే పెద్ద స్టేషన్ వచ్చినప్పుడు ఫ్లైట్ మోడ్ తీసి చూసుకోవచ్చు. ఛార్జింగ్‌కు సంబంధించి ఒక మాట: అగ్ని ప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు బోగీల్లో ఛార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపాలని రైల్వే 2021లో నిర్ణయించింది. కాబట్టి ఫోన్‌ను రాత్రి 11 లోపే నింపి పెట్టుకోండి. రాత్రి 10 దాటాక ఆట శబ్దం ఆపేయండి, లేదా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. తోటి ప్రయాణికుల నిద్ర కోసం రైల్వే నియమం కూడా అదే చెబుతోంది.

ఇన్ని చేసినా ఏదో ఒకటి తప్పిపోయి, ఆట లేకుండా రైలెక్కారనుకోండి. స్టేషన్లలో రైల్‌టెల్ వాళ్ల ‘రైల్‌వైర్’ వైఫై ఉంటుంది. మొదటి 30 నిమిషాలు ఉచితం, వేగం 1 ఎంబీపీఎస్. అంటే అన్నీ సవ్యంగా ఉంటే నిమిషానికి ఏడు ఎంబీలకు కాస్త పైన. రైలు ఐదు నిమిషాలు ఆగిందనుకుంటే, ఫోన్ నంబర్ ఇచ్చి, ఓటీపీ వచ్చి, కనెక్ట్ అయ్యేసరికి రెండు నిమిషాలు పోతాయి. మిగిలిన మూడు నిమిషాల్లో గట్టిగా 20 ఎంబీ దిగితే గొప్ప. అక్కడ ఏ పెద్ద ఆట జోలికీ పోకండి, సగంలో ఆగిపోతుంది. సైమన్ టాథమ్ పజిళ్లు ఆ మూడు నిమిషాల్లో దిగిపోతాయి. అదీ కుదరకపోతే, ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ ఎలాగూ ఉంటుంది. అడ్రస్ రాసే చోట chrome://dino అని కొట్టి, తెర మీద ఒకసారి తట్టండి. డైనోసార్ పరుగు మొదలవుతుంది. దానికి నెట్ అక్కర్లేదు, స్టోరేజ్‌లో అదనంగా ఒక్క ఎంబీ కూడా అక్కర్లేదు.